యూట్యూబ్ ఛానెల్‌లో జాయిన్ బటన్ ఎందుకు కనిపించదు? అర్హత నిబంధనలు, సరిచేసుకునే పద్ధతి

యాడ్స్ వస్తున్నాయి, డబ్బులు కూడా పడుతున్నాయి, అయినా Subscribe పక్కన జాయిన్ బటన్ లేదు. ఇంకో ఛానెల్‌కేమో యాడ్స్ రాబడి ఇంకా మొదలే కాలేదు, కానీ జాయిన్ బటన్ ఉంది. ఈ రెండూ చూసి చాలామంది యూట్యూబ్ పద్ధతిలోనే ఏదో తేడా ఉందనుకుంటారు. తేడా ఏమీ లేదు. జాయిన్ బటన్ అంటే చూసేవాళ్లు నెలనెలా డబ్బు కట్టి ఛానెల్‌లో మెంబర్‌గా చేరే దారి. యాడ్స్ రాబడికి ఉన్న అర్హతలు వేరు, ఈ మెంబర్‌షిప్‌కు ఉన్న అర్హతలు వేరు. రెండూ ఒక్కటే అనుకోవడం వల్లే చాలామంది నెలల తరబడి సమస్య లేని చోట వెతుకుతుంటారు.

అందుకే ముందు బటన్ ఎక్కడ లేదో తేల్చుకోవాలి. ఒక్కరికే కనిపించడం లేదా, ఛానెల్ మొత్తానికే లేదా, కొన్ని వీడియోల కింద మాత్రమే లేదా? ఈ మూడింటికీ కారణాలు వేరు, సరిచేసే పద్ధతులూ వేరు.

ముందు బటన్ నిజంగా లేదా అని చూడండి

ఛానెల్ మీదే అయితే, మీ అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్నంతసేపు మీ ఛానెల్ పేజీలో జాయిన్ బటన్ మీకు కనిపించదు. ఆ చోట Customize channel, Manage videos అనే బటన్లు ఉంటాయి. మీ వీడియో కింద కూడా Analytics, Edit video అని వస్తాయి. మెంబర్‌షిప్ ఆన్ చేసిన రోజే "బటన్ రాలేదు" అని కంగారుపడేవాళ్లలో చాలామంది విషయం ఇదే. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి మీ ఛానెల్ పేజీ చూడండి, లేదా ఇంట్లో ఇంకెవరి ఫోన్‌లోనైనా వాళ్ల అకౌంట్‌తో చూడండి. అక్కడ ఉంటే బటన్ ఉన్నట్టే.

చూసేవాళ్ల వైపు నుంచి కూడా కొన్ని కారణాలు ఉంటాయి. మీరు ఇప్పటికే మెంబర్ అయితే Join ఉన్న చోట See perks అని మారుతుంది. పిల్లల కోసం తల్లిదండ్రుల పర్యవేక్షణలో తెరిచిన అకౌంట్‌లో డబ్బు చెల్లించే సదుపాయాలు పనిచేయవు. బడి, కాలేజీ, ఆఫీసు ఇచ్చిన మెయిల్ అకౌంట్ అయితే అక్కడి అడ్మిన్ యూట్యూబ్‌ను పరిమితం చేసి ఉండొచ్చు. యాప్‌లో కనబడకపోతే, సొంత అకౌంట్‌తో కంప్యూటర్ బ్రౌజర్‌లో అదే ఛానెల్ తెరిచి చూడటం అన్నిటికంటే సులువైన పరీక్ష. అక్కడా లేకపోతే మీ ఫోన్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు. ఆ ఛానెల్‌కు మెంబర్‌షిప్ లేనట్టే. చూసేవాళ్లు తమ వైపు నుంచి దాన్ని తెప్పించలేరు.

ఇక్కడి నుంచి ఛానెల్ నడిపేవాళ్ల కోసం.

మొదటి మెట్టు: పార్ట్‌నర్ ప్రోగ్రామ్

2018లో మెంబర్‌షిప్ మొదలైనప్పుడు లక్ష సబ్‌స్క్రైబర్లు ఉంటే తప్ప దొరికేది కాదు. తర్వాత ఆ మెట్టును దించుకుంటూ వచ్చారు. 2023 జూన్‌లో, ఛానెళ్లు యూట్యూబ్ నుంచి డబ్బు సంపాదించుకోవడానికి చేరే పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌కు తక్కువ అర్హతలతో ఇంకో మెట్టు తెచ్చారు. దాని ప్రకారం 500 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. గత 90 రోజుల్లో కనీసం 3 పబ్లిక్ వీడియోలు పెట్టి ఉండాలి. వీటితోపాటు గత ఏడాదిలో 3,000 గంటల వాచ్ టైమ్ గానీ, గత 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. ఇవి ఉంటే ప్రోగ్రామ్‌లో చేరడానికి దరఖాస్తు చేయొచ్చు. చేరినవాళ్లకు మెంబర్‌షిప్, సూపర్ చాట్, సూపర్ థ్యాంక్స్ లాంటివి తెరుచుకుంటాయి. యాడ్స్ రాబడి మాత్రం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటలు లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ దాటాకే. యాడ్స్ రాబడి లేని చిన్న ఛానెల్‌కు జాయిన్ బటన్ ఉండటానికి కారణం ఇదే.

ఈ అంకెల దగ్గర ఎక్కువమంది పొరపడేది వాచ్ గంటల లెక్కలో. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్ తెరిస్తే ఏడాదికి 3,400 గంటలు అని ఉంటుంది. ఎడమవైపు మెనూలో Earn తెరిస్తే 2,600 దగ్గరే ఆగి ఉంటుంది. రెండూ తప్పు కాదు. అనలిటిక్స్ అన్నీ కలిపి చూపిస్తుంది. Earn పేజీ మాత్రం పబ్లిక్‌గా ఉన్న వీడియోల గంటలనే లెక్కలోకి తీసుకుంటుంది. ప్రైవేట్, అన్‌లిస్టెడ్, డిలీట్ చేసిన వీడియోలవి, యాడ్‌గా డబ్బు పెట్టి నడిపిన వీడియోలవి, షార్ట్స్ ఫీడ్‌లో చూసినవి ఇందులోకి రావు. లైవ్ పూర్తయ్యాక దాన్ని అన్‌లిస్టెడ్‌లో పెట్టేసే అలవాటు ఉన్న ఛానెళ్లకు ఈ తేడా పెద్దగా కనబడుతుంది. అర్హతకు దగ్గరలో ఉన్నప్పుడు పాత వీడియోలు బాగాలేవని ప్రైవేట్ చేస్తే వాటి గంటలు కూడా లెక్కలోంచి పోతాయి.

అంకెలు దాటితే సరిపోదు. ఛానెల్ మీద యాక్టివ్ కమ్యూనిటీ గైడ్‌లైన్స్ స్ట్రైక్ ఉండకూడదు, గూగుల్ అకౌంట్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ అయి ఉండాలి, యూట్యూబ్ డబ్బులు అందుకోవడానికి యాడ్‌సెన్స్ అకౌంట్ జోడించాలి. తర్వాత మనుషులు ఛానెల్‌ను చూసి నిర్ణయిస్తారు, దానికి సాధారణంగా నెల వరకూ పడుతుంది. కాదన్నారంటే 21 రోజుల్లోపు అప్పీల్ చేయొచ్చు. లేదా మొదటిసారి అయితే 30 రోజుల తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే మళ్లీ మళ్లీ తిరస్కరణకు గురైతే ఆ గడువు 90 రోజులు. కాబట్టి కారణం సరిచేయకుండా గడువు తీరగానే మళ్లీ పంపడం వల్ల నష్టమే.

రెండో మెట్టు: ప్రోగ్రామ్‌లో ఉన్నా మెంబర్‌షిప్ లేకపోతే

అసలు చిక్కు ఇక్కడే ఉంది. Earn పేజీలో యాడ్స్‌కు సంబంధించినవి ఉన్నాయి, Memberships మాత్రం లేదు, లేదా ఉన్నా ఆన్ చేయనివ్వడం లేదు. అప్పుడు కింది షరతుల్లో ఏదో ఒకటి అడ్డుపడుతోందని అర్థం.

తేలికైనవి ముందు చూసేద్దాం. ఛానెల్ నడిపేవారికి 18 ఏళ్లు నిండాలి. మెంబర్‌షిప్ సదుపాయం ఉన్న దేశంలో ఛానెల్ ఉండాలి. భారతదేశంలో ఉంది. స్టూడియోలో Settings, Channel, Basic info దగ్గర Country of residence ఏముందో చూడండి. దుబాయ్‌లో ఉన్నప్పుడు ఛానెల్ తెరిచి హైదరాబాద్ తిరిగొచ్చినవాళ్లకు అక్కడ పాత దేశమే ఉండిపోవచ్చు. యాడ్‌సెన్స్ అకౌంట్‌లో దేశాన్ని మార్చడం కుదరదు. పాతది మూసేసి కొత్త దేశం పేరుతో తెరవాల్సి ఉంటుంది. ఛానెల్ ఏదైనా మల్టీ ఛానెల్ నెట్‌వర్క్‌లో, అంటే చాలా ఛానెళ్లను కలిపి చూసుకునే సంస్థలో ఉంటే, మెంబర్‌షిప్ నిబంధనలకు ఆ నెట్‌వర్క్ కూడా ఒప్పుకుని ఉండాలి. మీరు ఒప్పుకున్నా వాళ్లు ఒప్పుకోకపోతే బటన్ రాదు. ఆడియో కంపెనీలు యూట్యూబ్‌తో చేసుకునే ప్రత్యేక సంగీత ఒప్పందం కింద ఉన్న మ్యూజిక్ ఛానెళ్లకూ మెంబర్‌షిప్ ఉండదు.

మిగిలినవి రెండు. తెలుగు ఛానెళ్లు ఎక్కువగా ఆగిపోయేది వీటి దగ్గరే. ఒకటి, ఛానెల్ మొత్తాన్ని పిల్లల కోసం అని సెట్ చేసి ఉండకూడదు. రెండు, మెంబర్‌షిప్‌కు పనికిరాని వీడియోలు ఛానెల్‌లో ఎక్కువ సంఖ్యలో ఉండకూడదు. పిల్లల కోసం అని గుర్తు పెట్టిన వీడియోలు, అందులోని సంగీతం తమదని ఇతరులు క్లెయిమ్ పెట్టిన వీడియోలు రెండూ ఈ పనికిరాని లెక్కలోకి వస్తాయి. "ఎక్కువ సంఖ్య" అంటే నూటికి ఎంత అనేది యూట్యూబ్ బయటపెట్టలేదు. ఎవరైనా పది శాతం, ఇరవై శాతం అని కచ్చితంగా చెబితే అది వాళ్ల ఊహ మాత్రమే.

ఒక ఛానెల్‌ను తీసుకుని చూద్దాం

రిటైరైన ఒక తెలుగు టీచర్ నడిపే ఛానెల్ అనుకుందాం. నీతి కథలు, బాలల గేయాలు, పదో తరగతి వ్యాకరణ పాఠాలు, మధ్యమధ్యలో తాను పాడిన అన్నమయ్య కీర్తనలు. 2,300 మంది సబ్‌స్క్రైబర్లు, యాడ్స్ రాబడి నడుస్తోంది. మొత్తం 140 వీడియోలు. జాయిన్ బటన్ లేదు.

స్టూడియోలో Content తెరిచి వీడియోల జాబితాలో Restrictions అనే వరుసను పై నుంచి కిందికి చూడాలి. అక్కడ 70 వీడియోల పక్కన Made for kids అని ఉంది, 18 వీడియోల పక్కన Copyright అని ఉంది. అంటే 140లో 88 మెంబర్‌షిప్‌కు పనికిరానివి. సబ్‌స్క్రైబర్లు ఇంకో పది వేలమంది పెరిగినా ఈ స్థితిలో బటన్ వచ్చే అవకాశం లేదు. చేయాల్సిన పని వీడియోల జాబితాలోనే ఉంది.

ముందు ఛానెల్ స్థాయి సెట్టింగ్ చూడాలి. Settings, Channel, Advanced settings దగ్గర Audience కింద మూడు ఎంపికలు ఉంటాయి. మొదటిది ఛానెల్ మొత్తం పిల్లల కోసం, రెండోది కాదు, మూడోది ఒక్కో వీడియోకు విడిగా చెబుతాను అనేది. ఈ టీచర్‌లా అన్ని రకాలూ కలిపి పెట్టేవాళ్లకు మూడోదే సరైనది. ఛానెల్ తెరిచిన కొత్తలో "పిల్లలకు కూడా పనికొస్తుంది కదా" అని మొదటిది నొక్కేసినవాళ్లు చాలామంది ఉంటారు. అలా నొక్కితే వ్యాకరణ పాఠాలు కూడా పిల్లల కోసం అనే లెక్కలోకే పోతాయి.

తర్వాత ఆ 70 వీడియోలను ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. ఇక్కడ నిజాయితీ చాలా అవసరం. పిల్లలు చూడదగ్గ వీడియో వేరు, పిల్లల కోసమే చేసిన వీడియో వేరు. పదో తరగతి సంధులు, సమాసాల పాఠం పిల్లల వీడియో కాదు. "పిల్లలకు తెలుగు ఎలా నేర్పాలి" అని తల్లిదండ్రులకు చెప్పే వీడియో కూడా కాదు. బొమ్మలతో, రంగులతో "చిట్టి చిలకమ్మా" పాడే వీడియో మాత్రం పిల్లలదే. దాన్ని కాదని మార్చడం తప్పు. ఈ గుర్తు అమెరికాలో పిల్లల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం వల్ల వచ్చింది. 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కేసు తేల్చుకోవడానికి గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. 2020 జనవరి నుంచి ఏ దేశపు ఛానెల్ అయినా ప్రతి వీడియోకూ ఈ సంగతి చెప్పాల్సిందే. బటన్ కోసం తప్పుడు గుర్తు పెడితే యూట్యూబే దాన్ని తిరిగి మార్చేస్తుంది, ఛానెల్ మీద చర్య కూడా తీసుకోవచ్చు.

మన టీచర్ ఛానెల్‌లో అలా చూస్తే 30 వీడియోలు నిజానికి పిల్లలవి కావని తేలింది. వాటిని ఎంచుకుని, పైన వచ్చే Edit లోంచి Audience మార్చాలి. కొన్నింటికి ఆ గుర్తు యూట్యూబే పెట్టి ఉంటుంది. వాటిని మీరు నేరుగా మార్చలేరు, అది తప్పనిపిస్తే వీడియో వివరాల పేజీలోంచి అప్పీల్ పంపాలి.

ఇక ఆ 18 క్లెయిములు. ముందు ఒక టెన్షన్ తీసేయాలి. కాపీరైట్ క్లెయిమ్ అంటే స్ట్రైక్ కాదు. క్లెయిమ్ ఆ ఒక్క వీడియోకే పరిమితం, స్ట్రైక్ ఛానెల్ మొత్తానికి తగులుతుంది. క్లెయిమ్ మీద నొక్కి See details తెరిస్తే వీడియోలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు, ఎవరి పాటో కనిపిస్తుంది. కథ వెనక వేసిన సినిమా ట్యూన్ అయితే అక్కడే ఆ భాగాన్ని కత్తిరించవచ్చు, పాటను మ్యూట్ చేయవచ్చు, లేదా యూట్యూబ్ ఉచిత లైబ్రరీలోని పాటతో మార్చవచ్చు. వీడియో మళ్లీ అప్‌లోడ్ చేయక్కర్లేదు, వ్యూస్ పోవు. మార్పు పూర్తయితే ఆ క్లెయిమ్ తొలగిపోతుంది.

కీర్తనల సంగతి కొంచెం లోతైనది. అన్నమయ్య 15వ శతాబ్దపు వాగ్గేయకారుడు, ఆయన సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ ఆయన అసలు వరుసలు చాలావరకు మనకు దక్కలేదు. ఈరోజు మనం పాడుకునే ఎన్నో బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివాళ్లు 20వ శతాబ్దంలో కట్టినవి. సాహిత్యం పాతదే అయినా బాణీ కొత్తది కావచ్చు. క్యాసెట్ల కాలం నుంచి వస్తున్న రికార్డింగుల హక్కులు ఆడియో కంపెనీలవి. కాబట్టి మీరు ఎవరి రికార్డింగ్‌నో నేపథ్యంలో వాడితే ఆ క్లెయిమ్ సరైనదే. తీసేయడమే మార్గం. మీరే పాడి, బాణీ కూడా మీరే కట్టుకున్నదో, పరంపరగా వస్తున్నదో అయితే డిస్‌ప్యూట్ పెట్టొచ్చు. క్లెయిమ్ చేసినవారికి జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. కానీ "భక్తి పాట కదా, దేవుడి పాటకు కాపీరైట్ ఏంటి" అని రాసి డిస్‌ప్యూట్ పెట్టకండి. దాన్ని తిరస్కరించాక కూడా అలాగే పట్టుబడితే విషయం స్ట్రైక్ దాకా వెళ్లొచ్చు.

ఇవన్నీ చేశాక మన టీచర్ ఛానెల్‌లో పిల్లల వీడియోలు 40కి తగ్గాయి, క్లెయిములు 5కి తగ్గాయి. 140లో 45. మునుపటి కంటే చాలా మెరుగు, అయినా బటన్ వస్తుందని గ్యారంటీగా చెప్పలేం. రాకపోతే పిల్లల గేయాలకు వేరే ఛానెల్ తెరవడం మంచిదని నా అభిప్రాయం. కొత్త ఛానెల్‌కు సబ్‌స్క్రైబర్లు, గంటలు సున్నా నుంచి మొదలవుతాయి, పాత వీడియోలను వాటి వ్యూస్‌తో సహా అక్కడికి మార్చలేరు. అందుకే పాతవి ఉన్నచోటే ఉంచి, ఇక మీదట చేసే గేయాలను కొత్త దాంట్లో పెట్టాలి. పాఠాల ఛానెల్‌లో పాఠాలు పెరిగేకొద్దీ పిల్లల వీడియోల వాటా తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పిల్లల ఛానెల్ నడిపేవాళ్లకు మాత్రం మెంబర్‌షిప్ దారి లేదు. దాని కోసం ఎదురుచూసి సమయం పోగొట్టుకోవద్దు.

మూడో మెట్టు: అర్హత వచ్చాక ఆన్ చేయడం

అర్హత వచ్చినంత మాత్రాన బటన్ దానంతట అది రాదు. స్టూడియోలో Earn తెరిచి Memberships దగ్గర Get started నొక్కాలి. అక్కడ Commerce Product Module అనే ఒప్పందం వస్తుంది. యాడ్స్ కోసం చేసుకున్న ఒప్పందం వేరు, ఇది వేరు. దీన్ని అంగీకరించకుండా వదిలేసినవాళ్లకు మిగతావన్నీ సరిగ్గా ఉన్నా బటన్ రాదు.

తర్వాత కనీసం ఒక లెవెల్ తయారుచేయాలి. దానికి పేరు, నెల ధర, మెంబర్లకు ఏమిస్తారో రాసి పబ్లిష్ చేయాలి. లెవెల్ డ్రాఫ్ట్‌లోనే ఉండిపోతే బటన్ బయటకు రాదు. మెంబర్లకు ఇచ్చే వాటిలో లక్కీ డ్రాలు, స్వయంగా కలిసే అవకాశాలు లాంటివి పెట్టకూడదు. మన టీచర్ అయితే నెలకోసారి మెంబర్లకు మాత్రమే లైవ్‌లో సందేహాలు తీర్చడం, పరీక్షల ముందు ప్రత్యేక పాఠం ఇస్తే చాలు. వచ్చే డబ్బులో పన్నులు, ఐఫోన్ యాప్ ఫీజుల వంటివి పోగా మిగిలినదానిలో 70 శాతం ఛానెల్‌కు వస్తుంది.

మీ గూగుల్ పాస్‌వర్డ్ ఇస్తే జాయిన్ బటన్ ఆన్ చేస్తామనో, వాచ్ గంటలు కొనిస్తామనో చెప్పేవాళ్లు ఫోన్లు చేస్తారు. బటన్ ఆన్ చేసే అధికారం బయటివాళ్లెవరికీ లేదు. కొన్న గంటలను యూట్యూబ్ మోసం కిందే చూస్తుంది, ఛానెల్‌నే తీసేయొచ్చు.

కొన్ని వీడియోల కింద మాత్రమే లేకపోతే

ఛానెల్ పేజీలో బటన్ ఉంది, కొన్ని వీడియోల కింద లేదంటే దాదాపు ఎప్పుడూ పైన చెప్పిన రెండు కారణాలే. ఆ వీడియో పిల్లల కోసం అని గుర్తుపెట్టి ఉంటుంది, లేదా అందులో ఇతరుల క్లెయిమ్ ఉంటుంది. పిల్లల వీడియో కింద కామెంట్లు కూడా మూసి ఉంటాయి కాబట్టి చూడగానే గుర్తుపట్టొచ్చు. కామెంట్లు ఉండి బటన్ మాత్రమే లేదంటే Restrictions వరుసలో క్లెయిమ్ కోసం చూడండి.

ఉన్న బటన్ మాయమైతే

ఛానెల్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్ నుంచి బయటికి పోయినా, మొత్తం ఛానెల్‌ను పిల్లల కోసం అని మార్చినా, మెంబర్‌షిప్ నిబంధనలు ఉల్లంఘించినా బటన్ పోతుంది. ఆరు నెలల పాటు వీడియో గానీ పోస్ట్ గానీ పెట్టకుండా ఛానెల్‌ను వదిలేస్తే మానిటైజేషన్ తీసేసే హక్కు కూడా యూట్యూబ్‌కు ఉంది. ఆరోగ్యం బాగోకో, ఇంట్లో పెళ్లి పనులతోనో ఛానెల్‌కు విరామం ఇచ్చేవాళ్లు నెలకో చిన్న పోస్ట్ అయినా పెట్టి ఉంచడం మేలు. బటన్ పోయినప్పుడు ముందు ఛానెల్‌కు జోడించిన జీమెయిల్ చూడండి. తీసేసిన కారణం, అప్పీల్ గడువు అందులోనే ఉంటాయి. ఆ మెయిల్ ప్రమోషన్స్ ట్యాబ్‌లోకో, స్పామ్‌లోకో పోయి ఉండొచ్చు, అక్కడా వెతకండి.